వారానికి ఒక నీలి మాత్ర: ఆడపిల్లల రక్తం గురించి మన సంఘాల్లో మాట్లాడుకోవలసింది
(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు పొద్దుట్నుంచి విన్నాం. ఇప్పుడు ఇంకో లెక్క చెప్పుకుందాం. మన ఇండ్లల్ల పది నుంచి పంతొమ్మిది ఏండ్ల ఆడపిల్లలకు బడిలోనో, అంగన్‌వాడీలోనో వారానికి ఒకసారి నీలి రంగు మాత్ర ఇస్తున్నారు. అది ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర. దాని మీద మీటింగుల్లో మమ్మల్ని అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకటే తీరుగా ఉంటాయి. "మా బిడ్డకు రక్తం తక్కువ అన్నరు, వారం మాత్ర వేస్తనే ఉన్నం, ఇంకెందుకు పెరుగుతలేదు?" అని ఒకరు అడుగుతారు. "మాత్ర వేస్తే కడుపుల తిప్పుతుంది, దొడ్డికి నల్లగ పోతుంది, బంద్ చేసినం" అని ఇంకొకరు అంటారు. ఈ రెండింటికీ ఇవ్వాళ జవాబు చెప్తాం.

ముందుగా ఆ మాత్రలో ఏముందో తెలుసుకుందాం. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తంలో గాలిని మోసే హిమోగ్లోబిన్ తయారు కావాలంటే ఇనుము కావాలి. కొత్త రక్తకణాలు పుట్టడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. కడుపుతో ఉన్నవాళ్లకు ఇచ్చే ఎర్ర మాత్రలో కూడా ఇవే ఉంటాయి. ఎదిగే పిల్లలది వేరుగా గుర్తుపట్టడానికి నీలి రంగు పెట్టారు. "ఇది కడుపుతోని ఉన్నోళ్ల గోలీ, మా పిల్లకెందుకు" అనేవాళ్లకు, "దీంతోని పిల్లలు పుట్టరట" అని భయపడేవాళ్లకు ఈ మాట చెప్పండి. ఇందులో ఉన్నది ఇనుము, ఒక విటమిన్. నెలసరికి గానీ, రేపు పిల్లలు పుట్టడానికి గానీ ఇది అడ్డం రాదు.

ఈ వయసులోనే ఎందుకు ఇస్తారంటే, పదేండ్లు దాటినాక పిల్ల ఒక్కసారిగా ఎదుగుతుంది, ఒంట్లో రక్తం పరిమాణం కూడా పెరగాలి. దానికి తోడు నెలసరి మొదలై నెలనెలా కొంత ఇనుము బయటికి పోతుంది. మనం తినే అన్నం, పప్పుచారు, పచ్చిపులుసుల నుంచి అంత ఇనుము రాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏండ్ల ఆడపిల్లల్లో దేశం మొత్తమ్మీద నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందుకే పరీక్ష చేసినా చేయకున్నా ఆ వయసు పిల్లలందరికీ వారానికి ఒక మాత్ర ఇస్తున్నారు. సంవత్సరానికి 52 మాత్రలు అవుతాయి. రోజూ ఎందుకు ఇవ్వరంటే, ఒకసారి ఇనుము ఎక్కువగా అందినాక మళ్లీ ఒక రోజు దాకా ఒళ్లు దాన్ని తక్కువగా పీల్చుకుంటుంది. నిల్వ తగ్గకుండా కాపాడడానికి వారానికి ఒకటి సరిపోతుంది, కడుపులో బాధలు కూడా తక్కువగా ఉంటాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వారం మాత్ర రక్తం తగ్గకుండా చూసుకోవడానికి. ఇప్పటికే తగ్గిపోయిన పిల్లకు అది చాలదు. ఆ పిల్లకు వేరే మోతాదు ఉంది. మన దగ్గర చాలామంది పొరపడేది ఇక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదో తరగతి చదివే పద్నాలుగేండ్ల పిల్ల అనుకోండి. మెట్లెక్కితే ఆయాసం, బడి నుంచి రాగానే పండుకుంటుంది, చాక్‌పీసులో, పచ్చి బియ్యమో తింటుంది. ఏఎన్ఎం వేలు మీద గుచ్చి చూస్తే 10.4 వచ్చింది. ఈ వయసు ఆడపిల్లకు 12 పాయింట్లు ఉండాలి. 11 నుంచి 11.9 ఉంటే కొద్దిపాటి రక్తహీనత. 8 నుంచి 10.9 ఉంటే మధ్యస్థం. 8 కంటే తక్కువ ఉంటే తీవ్రం. అంటే మన పిల్లది మధ్యస్థం. ఈమెకు వారానికి ఒకటి కాకుండా రోజుకు రెండు మాత్రలు, అన్నం తిన్నాక, మూడు నెలలు ఇవ్వాలని 2018లో వచ్చిన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం చెప్తుంది. నెలకు 60 మాత్రలు, మూడు నెలలకు 180. అదే వారం మాత్ర అయితే మూడు నెలలకు 13 మాత్రలే. 13 మాత్రలు వేసుకొని 180 మాత్రల పని కావాలంటే ఎట్లా అయితది? ఈ మూడు నెలలు వారం మాత్ర వేరుగా వేయనక్కర లేదు. అయితే రోజువారీ మోతాదు మనంతట మనం మొదలుపెట్టేది కాదు. పరీక్ష చేయించి, ఏఎన్ఎం గానీ డాక్టర్ గానీ రాసినాకే ఇవ్వాలి.

నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి. 10.4 ఉన్నది కనీసం 11.4 కావాలి, అంటే ఒక పాయింటన్నా పెరగాలి. 10.7 దగ్గరే ఆగిందనుకోండి, ఇంకో నెల చూద్దాంలే అని ఊకోవద్దు. ముందు మాత్రలు నిజంగా మింగుతుందా అని చూడాలి, మిగిలిన షీటు లెక్కపెడితే తెలుస్తుంది. మింగుతుంటే పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. కడుపులో పురుగులు ఉండవచ్చు, నెలసరిలో రక్తం ఎక్కువ పోతుండవచ్చు, పుట్టుకతో వచ్చే తలసీమియా లాంటిది కూడా ఉండవచ్చు. వాటిని డాక్టరే తేల్చాలి. 12 దాటినాక ఆ పిల్ల మళ్లీ వారానికి ఒక మాత్రకు వస్తుంది. పరీక్షలో మొదటిసారే 8 కంటే తక్కువ వస్తే మాత్రలతో ఇంట్లో కూసోవద్దు, అదే రోజు దవాఖానకు పోవాలి.

ఇక మాత్రతో వచ్చే ఇబ్బందులు. ఇనుమంతా ఒంట్లోకి పోదు, కొంత పేగుల్లోనే మిగిలిపోతుంది. ఆ మిగిలిందే కొందరికి కడుపు తిప్పడం, పొట్టలో నొప్పి, మలబద్ధకం, ఒక్కోసారి విరేచనాలు తెస్తుంది. నోట్లో ఇనుప రుచి కూడా రావచ్చు. మొదటి రెండు మూడు మాత్రలకు ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతాయి. దొడ్డి నల్లగా రావడం కూడా ఆ మిగిలిన ఇనుము రంగే, దానికి భయపడవద్దు. అయితే తారు లాగా జిగటగా, ఘోరమైన వాసనతో వస్తే, కండ్లు తిరుగుతుంటే అది వేరే సంగతి, లోపల రక్తం పోతున్నదేమో చూపించాలి. మాత్ర వేసినాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకున్నా, వాంతులు ఆగకున్నా వెంటనే దవాఖానకు పోవాలి.

ఈ ఇబ్బందుల్లో చాలావరకు ఖాళీ కడుపుతో వేసుకోవడం వల్లే వస్తాయి. పొద్దున్నే చాయ్ తాగి, ఏం తినకుండా బడికి పోయే పిల్లలు మన దగ్గర ఎందరో ఉన్నారు. ఆ పిల్లకు పది గంటలకు మాత్ర ఇస్తే కడుపు తిప్పకుండా ఎట్లుంటది? అందుకే మధ్యాహ్న భోజనం తిన్నాక, టీచర్ ముందర, నీళ్లతో మింగాలి. నమలొద్దు. బడిలో పడకపోతే ఇంట్లో రాత్రి బువ్వ తిన్నాక వేసుకున్నా సరే, నిద్రలో ఆ తిప్పడం తెలియదు.

మాత్రకు ముందు ఒక గంట, తర్వాత ఒక గంట చాయ్, కాఫీ తాగొద్దు. అవి ఇనుమును పట్టుకొని ఒంట్లోకి పోనీయవు. పాలు, సున్నం గోలీలు కూడా అదే సమయంలో వద్దు. ఉసిరి, జామ, నిమ్మకాయ నీళ్లు తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. తోటకూర, గంగవాయిలి కూర వండిన రోజు మీద నిమ్మకాయ పిండండి, ఖర్చు లేని పని. వీలున్నవాళ్లు గుడ్డు, మాంసం, కాలేజం పెట్టండి.

ఒక వారం తప్పిపోతే గుర్తొచ్చిన రోజు వేసుకోవాలి. రెండు వారాలవి కలిపి ఒకేసారి మింగొద్దు. జ్వరం ఉన్నప్పుడు ఆపి, తగ్గినాక మొదలుపెట్టాలి. తలసీమియా ఉన్నదని ఇదివరకే తెలిసిన పిల్లకు, తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లకు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. ఎండాకాలం సెలవులకు బడి మూసే ముందు ఆ వారాలకు సరిపడా మాత్రలు అడిగి తీసుకోండి, లేకుంటే ఆరేడు వారాలు ఖాళీ పోతాయి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల నివారణ దినాలు. ఆ రోజు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర కూడా తప్పించవద్దు. కొంకి పురుగులు పేగులను పట్టుకొని రక్తం తాగుతుంటే ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా లాభం తక్కువ.

ఇంకొకటి. ఇంట్లోకి తెచ్చిన మాత్రలు చిన్నపిల్లలకు అందకుండా పెట్టాలి. పైన తియ్యటి పూత, రంగు చూసి చాక్లెట్ అనుకొని చిన్న పిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. అట్లా జరిగితే మంచిగనే ఉన్నడు గదా అని ఆగవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

బడి మానేసి పత్తి ఏరడానికి పోయే పిల్లలు, మగ్గం పనిలో తల్లికి సాయంగా ఉండే పిల్లలు మన లెక్కలో తప్పిపోతారు. వాళ్లకు బడిలో మాత్ర దొరకదు, అంగన్‌వాడీలో దొరుకుతుంది. వాళ్ల పేరు అంగన్‌వాడీ టీచర్ దగ్గర రాయించడం సంఘం చేయగల పని.

చివరికి మా ఉపసంఘం అడిగేది ఇది. ప్రతి సంఘం మీటింగులో పొదుపు రాసినాక, ఆడపిల్లలున్న సభ్యురాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఈ వారం మాత్ర బువ్వ తిన్నాక మింగిందా? పోయినసారి రక్తం ఎన్ని పాయింట్లు ఉంది, ఎప్పుడు చూపించారు? 12 కంటే తక్కువ ఉంటే రోజు మాత్రలు మొదలయ్యాయా, నెల తర్వాత మళ్లీ చూపించారా? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయండి. మూడో ప్రశ్నకు "లేదు" అన్న తల్లి వెంట ఒక సభ్యురాలు ఆ వారమే ఆశా దగ్గరికో, పీహెచ్‌సీకో పోవాలి. గ్రామ సంఘం మీటింగుకు ఆ పుస్తకం తెస్తే, మిగిలింది మేం ఏఎన్ఎంతో మాట్లాడుతాం.

సెలవు.