మెలకువ వచ్చిన తొలి గంట



పొద్దున లేవగానే బీపీ చూసుకుంటే 160. అదే మనిషి, అదే మిషన్, మధ్యాహ్నం భోజనానికి ముందు చూస్తే 128. రెండిట్లో ఏది అసలు బీపీ అని చాలామంది అడుగుతుంటారు. రెండూ అసలువే. అయితే పొద్దుటి అంకె ఎందుకలా ఎగురుతుందో తెలుసుకోవడానికి వైద్యులకు చాలా దశాబ్దాలు పట్టింది. ఆ కథ తెలిస్తే ఇంట్లో మిషన్ ఏ వేళకు పెట్టుకోవాలో కూడా తేలిపోతుంది.

1896లో ఇటలీలోని ట్యురిన్‌లో రివా రోచ్చి అనే వైద్యుడు చేతికి గాలిపట్టీ చుట్టి, పాదరసం మట్టంతో రక్తపోటు కొలిచే పరికరం తయారుచేశాడు. 1905లో రష్యా సైనిక వైద్యుడు కొరోట్కోవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వింటే పై అంకె, కింది అంకె రెండూ తెలుస్తాయని చెప్పాడు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు లోకమంతా ఇదే పద్ధతి. ఇందులో ఒక చిక్కుంది. రోగి ఆసుపత్రికి రావాలి, కూర్చోవాలి, మెలకువగా ఉండాలి. నిద్రలో ఉన్న మనిషి చేతికి పట్టీ బిగిస్తే లేచి కూర్చుంటాడు. కాబట్టి రాత్రి రక్తపోటు ఎంత ఉంటుందో, తెల్లవారుజామున ఏమవుతుందో అప్పట్లో ఎవరికీ సరిగా తెలిసేది కాదు.

ఆ చీకటిని తొలగించింది 1960లలో ఆక్స్‌ఫర్డ్. అక్కడి పరిశోధకులు మోచేతి దగ్గరి ధమనిలోకి సన్నని గొట్టం పంపి, దాన్ని ఒంటికి కట్టుకునే చిన్న పరికరానికి కలిపారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ లేచే ఒత్తిడి దానంతటదే నమోదయ్యేది. మనిషి తిరగవచ్చు, తినవచ్చు, పడుకోవచ్చు. ధమనిలో గొట్టంతో ఒక రోజంతా గడపడానికి ఒప్పుకున్న ఆ మనుషుల ఓపికను మెచ్చుకోవాలి. ఈనాడు ఎవరినైనా అలా అడిగితే బతిమాలుకోవాల్సి వస్తుంది.

1978లో లండన్ శివారు హ్యారోలోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి వైద్యులు, మిల్లర్ క్రేగ్, బిషప్, రాఫ్టరీ, ఈ పద్ధతితో గీసిన 24 గంటల గ్రాఫును లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. పొద్దు కాస్త ఎక్కాక రక్తపోటు శిఖరానికి చేరుతుంది, సాయంత్రానికి దిగుతూ వస్తుంది, రాత్రి నిద్రలో అట్టడుగుకు పోతుంది. అంతవరకు అందరూ ఒప్పుకున్నారు. పేచీ వచ్చింది ఇంకో మాట దగ్గర. మనిషి ఇంకా నిద్రలో ఉండగానే, తెల్లవారుజామునే రక్తపోటు పెరగడం మొదలవుతుందని వాళ్లు రాశారు.

అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ బృందం దీనికి ఎదురుచెప్పింది. వాళ్ల వాదన సూక్ష్మమైనది, కాస్త నిదానంగా చూద్దాం. పదిమంది గ్రాఫులను గడియారం ప్రకారం ఒకదానిమీద ఒకటి పెట్టి సగటు తీశామనుకోండి. అందులో ఒకరు నాలుగున్నరకే లేస్తారు, ఒకరు ఆరుకు, ఒకరు ఏడుకు. నాలుగున్నరకు లేచినవారి పెరుగుదల కలిసిపోయి, సగటు గీత అయిదింటికే పైకి వంగుతుంది. చూసేవాళ్లకు అందరికీ నిద్రలోనే బీపీ పెరిగినట్టు కనిపిస్తుంది. గడియారాన్ని పక్కనపెట్టి, ఎవరికి వారికి మెలకువ వచ్చిన క్షణాన్ని సున్నాగా పెట్టి లెక్కవేస్తే, అసలు ఎగుడు మెలకువతోనే మొదలవుతుంది. మెలకువకు ముందు కొద్దిపాటి పెరుగుదల ఉంటుందేమో కానీ, పెద్ద మెట్టు మాత్రం కళ్లు తెరిచి, మంచం దిగి నిలబడినప్పుడే ఎక్కుతుంది. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికన్నా పనికొచ్చే పాఠం ఇదే. పొద్దుటి బీపీని గడియారంతో కాదు, మెలకువతో కొలవాలి.

మంచం దిగినప్పుడు ఏం జరుగుతుంది? పడుకున్న మనిషి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. మెదడుకు రక్తం తగ్గకుండా నరాలు వెంటనే రక్తనాళాలను బిగిస్తాయి, గుండెను తొందరపెడతాయి. నిద్రలో నిమిషానికి 55, 60 కొట్టుకున్న నాడి, నిలబడ్డాక పది నుంచి ఇరవై దాకా పెరుగుతుంది. తెల్లవారేసరికి శరీరంలో కార్టిసోల్ కూడా ఎక్కువగానే ఉంటుంది. ఇదంతా ఆరోగ్యవంతులకూ జరిగేదే, జబ్బు కాదు. వయసుతో నాళాలు గట్టిపడినవారికి, బీపీ ఉన్నవారికి మాత్రం ఆ మెట్టు మరీ ఎత్తవుతుంది.

1985లో అమెరికాలో జేమ్స్ ముల్లర్ బృందం, గుండెపోట్లు ఏ గంటకు మొదలయ్యాయో లెక్కతీసింది. ఉదయం 9 ప్రాంతంలో వచ్చినవి రాత్రి 11 ప్రాంతంలో వచ్చినవాటికి సుమారు మూడు రెట్లు. 2003లో జపాన్ వైద్యుడు కజువోమి కారియో, బీపీ ఉన్న 519 మంది పెద్దవాళ్లకు 24 గంటల మిషన్ కట్టి చూశాడు. లేచాక తొలి రెండు గంటల సగటులోంచి రాత్రి అట్టడుగు అంకెను తీసేస్తే వచ్చేది పొద్దుటి ఎగుడు. అది 55, అంతకు మించి ఉన్నవాళ్లలో తర్వాతి మూడు, నాలుగేళ్లలో పక్షవాతం 19 శాతానికి వచ్చింది. తక్కినవారిలో 7 శాతానికే. అలాగని తప్పంతా ఎగుడుదేనని అనలేం. పొద్దున లేచి నిలబడగానే రక్తం గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. తర్వాత కొన్ని దేశాల్లో చేసిన అధ్యయనాలు కారియో ఫలితాన్ని బలపరచనూ లేదు.

ఇప్పుడు మన ఇంటి మిషన్ సంగతి. కారియో లెక్కలో రాత్రి అట్టడుగు అంకె కావాలి. అది మన మిషన్‌కు దొరకదు. అంటే ఇంట్లో మనం ఎగుడును కొలవలేం, ఎగుడు దిగాక నిలిచిన మట్టాన్నే కొలవగలం. ఆ మట్టానికీ విలువ ఉంది. 1980ల చివర జపాన్ ఉత్తరాన ఒహసామా అనే చిన్న ఊళ్లో యుటాకా ఇమాయ్ బృందం ఇంటింటికీ మిషన్లు ఇచ్చి కొలిపించింది. ఆసుపత్రి అంకె కన్నా ఇంటి అంకెలే ఎవరికి ముప్పు ఉందో బాగా చెప్పాయని పదేళ్లకు తేలింది. నిద్రలేచిన గంటలోపు, మూత్ర విసర్జన అయ్యాక, టిఫినుకూ మాత్రకూ ముందు కొలవాలన్న జపాన్ నియమం ఈ అనుభవం నుంచి వచ్చిందే.

మనవాళ్లు చాలామంది ఎప్పుడు చూస్తారు? అయిదున్నరకు లేచి, వాకింగ్ చేసి, కాఫీ తాగి, మాత్ర వేసుకుని, ఎనిమిదిన్నరకు తీరిగ్గా మిషన్ తీస్తారు. అప్పటికి నడక బీపీని దించి ఉంటుంది, కాఫీ ఎక్కించి ఉంటుంది, మాత్ర పని మొదలుపెట్టి ఉంటుంది. ఆ అంకె ఎవరిదో చెప్పడం కష్టం. కొందరు ఇంకో అంచుకు పోతారు. కళ్లు తెరవగానే మంచం మీదే పట్టీ చుట్టుకుంటారు. నిండిన మూత్రాశయం ఒక్కటే పై అంకెను పది దాకా పెంచగలదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అరవై ఏళ్ల పెద్దాయన, అయిదున్నరకు లేస్తారు, మాత్ర ఎనిమిదికి. మంచం మీద కొలిస్తే 162, నాడి 92. బాత్రూమ్‌కు వెళ్లివచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తున బల్లమీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని కొలిస్తే 145, నిమిషం ఆగి మళ్లీ కొలిస్తే 143, నాడి 74. ఆ రోజు అంకె 144. రాత్రి పడుకునేముందు ఇలాగే రెండుసార్లు. ఏడు రోజులు రాసి, మొదటి రోజుది వదిలేశారు. కొత్తలో కంగారు ఉంటుంది కదా. మిగిలిన ఆరు పొద్దుటి అంకెలు 144, 141, 146, 139, 143, 145. సగటు 143. రాత్రివి 128, 125, 130, 124, 127, 128. సగటు 127. రెండూ కలిపితే 135. ఇంటి కొలతలో బీపీ ఎక్కువ అనడానికి గీత 135 బై 85. కలిపిన సగటు చూస్తే ఆయన గీతమీదే నిలబడ్డారు. విడివిడిగా చూస్తే రాత్రి బాగానే ఉంది, పొద్దున అదుపులో లేదు. డాక్టరుకు కావలసింది ఈ తేడా.

నాడి అంకెను చాలామంది పట్టించుకోరు. నాకు అది కొలతకు కాపలాదారులా కనిపిస్తుంది. మామూలుగా 72 ఉండేవారికి పొద్దున 92 చూపిస్తే, ఒళ్లు ఇంకా స్థిమితపడలేదన్నమాట. ఇంకో అయిదు నిమిషాలు కూర్చోవాలి. అటెనొలాల్, మెటోప్రొలాల్ వేసుకునేవారికి నాడి తక్కువగా ఉండటం మందు గుణమే, వాళ్లు ఈ గుర్తును అంతగా నమ్మకూడదు. నాడి తప్పుతోందని మిషన్ పదేపదే గుర్తు చూపిస్తే, మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి నిమిషంపాటు లెక్కపెట్టండి. కొట్టుకోవడంలో వరస లేకపోతే ఈసీజీ తీయించాలి. అలాంటి నాడి ఉన్నప్పుడు బీపీ అంకె కూడా ఊగుతుంది కాబట్టి రెండుకు బదులు మూడుసార్లు కొలవడం మేలు.

మన పెద్దాయన పొద్దుటి 143కు కారణాలు రకరకాలు. ఎనిమిదికి వేసుకున్న మాత్ర మర్నాటి తెల్లవారేసరికి పలచబడి ఉండవచ్చు. అంలోడిపిన్ 24 గంటలు దాటి నిలుస్తుంది, లోసార్టాన్ కొందరిలో అంతసేపు నిలవదు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవారికీ, రాత్రి మద్యం తాగేవారికీ పొద్దుటి అంకె పెరుగుతుంది. మాత్రను రాత్రికి మారిస్తే గుండె జబ్బులు బాగా తగ్గుతాయని 2019లో స్పెయిన్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది, దాని పద్ధతిపై సందేహాలూ వచ్చాయి. 2022లో బ్రిటన్‌లో 21 వేలమందిపై చేసిన టైమ్ అధ్యయనంలో పొద్దున వేసుకున్నా, రాత్రి వేసుకున్నా గుండెపోట్లలో, పక్షవాతాల్లో తేడా కనబడలేదు. అందుకని సొంతంగా వేళ మార్చుకోకండి. లేచిన టైము, కొలిచిన టైము, మాత్ర వేసుకున్న టైము మూడూ అంకెల పక్కన రాసిన కాగితం డాక్టరు చేతికివ్వండి.

180 బై 120 దాటి, దాంతోపాటు ఛాతీనొప్పి, మాట తడబాటు, ఒక పక్క బలహీనత, ఆయాసం ఉంటే మళ్లీ మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. అవేవీ లేకుండా ఒక పొద్దున 150 కనిపిస్తే, ఆ అంకె రాసుకుని రాత్రి కొలతదాకా మిషన్ ముట్టుకోకండి. ఏడు రోజులు పూర్తయ్యాక డాక్టరు మందు మార్చకపోతే, తర్వాతి అపాయింట్‌మెంట్‌కు ముందు వారం మళ్లీ మొదలుపెడితే చాలు.