ఫోటో ముందు పుట్టిందా, వదంతి ముందు పుట్టిందా?



2018 వేసవిలో, మన కర్నూలుకు తుంగభద్ర ఆవలి ఒడ్డున ఉన్న జోగులాంబ గద్వాల జిల్లాలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్ ద్వారా ఊరూరా పాకింది. అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి గ్రామాలకు పోలీసులను పంపి, డప్పులతో, పాటలతో ప్రజలకు నచ్చజెప్పించారు. అదే ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో ఇలాంటి వదంతినే నమ్మిన గుంపు ఐదుగురు సంచార జాతివారిని కొట్టి చంపింది. ముస్లింలు అధికంగా నివసించే మాలేగావ్ పట్టణంలో ఆ రాత్రే మరొక గుంపు ఒక కుటుంబాన్ని చుట్టుముట్టగా, పోలీసులు వారిని కాపాడారు.

ఆ ప్రాంతంలో తిరిగిన వీడియోలో, తెల్లని గుడ్డలు చుట్టి వరుసగా పడుకోబెట్టిన చిన్నారుల మృతదేహాలున్నాయి. ముఠా చంపిన పిల్లలు వీరేనని ప్రచారం. నిజానికి వారు సిరియా బిడ్డలు. 2013 ఆగస్టు 21న ఘౌతాలో జరిగిన విషవాయు దాడిలో మరణించినవారు. ఈ సంగతి ఇంట్లో కూర్చుని మనమే తెలుసుకోగలమా? తెలుసుకోగలం. ఆ పద్ధతినే ఈనాడు వివరిస్తాం.

మామూలుగా మనం మాటలిచ్చి వెదుకుతాం. ఇక్కడ మాటకు బదులు బొమ్మనే ఇస్తాం. యంత్రం ఆ బొమ్మలోని వెలుగునీడలను, రంగులను, అంచులను లెక్కగట్టి వేలిముద్ర వంటి ఒక గుర్తును తయారు చేస్తుంది. తాను అంతకుముందు ఇంటర్నెట్‌లో చూసి దాచుకున్న బొమ్మల గుర్తులతో దానిని పోల్చి, సరిపోలినవాటిని చూపుతుంది. ఫోటో కింద ఎవరు ఏ కథ రాశారన్నది ఈ పోలికకు అడ్డు రాదు.

వీడియో అయితే, దృశ్యం స్పష్టంగా కనిపించే చోట ఆపి స్క్రీన్‌షాట్ తీయాలి. పైన అంటించిన అక్షరాలను, ఫోన్ అంచులను కత్తిరించి, బొమ్మను మాత్రమే మిగల్చాలి. దానిని images.google.com లో ఒకసారి, tineye.com లో మరొకసారి ఎక్కించాలి. రెండు చోట్లా ఎందుకంటే, ఒకరు చూసిన పేజీలను మరొకరు చూసి ఉండకపోవచ్చు. టిన్‌ఐలో ఫలితాలను Oldest అన్న వరుసలో పెడితే పాతవి ముందుకు వస్తాయి.

ఘౌతా దృశ్యం 2013 నాటి వార్తలో కనిపించిందనుకోండి. ఆ పేజీని తెరిచి, అందులో నిజంగా అదే బొమ్మ ఉందా, ఆ వార్త తేదీ ఏమిటి అని కళ్లారా చూడాలి. ఉంటే, 2018లో జరిగిందన్న కథ అక్కడికక్కడే కూలిపోతుంది. 2013లో అచ్చయిన ఫోటోను 2018లో తీయడం ఎవరికీ సాధ్యం కాదు కదా! ఒక్క పాత పేజీ చాలు.

అయితే ఈ తర్కం ఒకవైపే నడుస్తుందని మనం మరువరాదు. పాత పేజీ దొరకలేదు కాబట్టి ఫోటో కొత్తదని చెప్పడానికి వీల్లేదు. వాట్సాప్ గ్రూపులలో తిరిగేవి ఈ యంత్రాల కంటికి ఆనవు. ఎక్కువగా కత్తిరించినా, కుడి ఎడమలు తిప్పినా పోలిక తప్పిపోవచ్చు. టిన్‌ఐ చూపే తేదీ కూడా అది ఆ బొమ్మను మొదట చూసిన రోజే తప్ప, ఫోటో తీసిన రోజు కాదు. కనుక దొరికిన వాటిలో పాతది అనాలే గాని, మొట్టమొదటిది అనరాదు.

ఇక ఆ ఫోటో ఎవరిదన్న ప్రశ్న. 2012 మేలో సిరియాలోని హౌలాలో ఊచకోత జరిగినప్పుడు, బీబీసీ వెబ్‌సైట్ ఒక ఫోటోను ప్రచురించింది. వరుసగా పరిచిన తెల్లని శవాల మూటల మీదుగా ఒక బాలుడు దూకుతున్న దృశ్యమది. ఒక ఉద్యమకారుని నుంచి వచ్చిందని రాశారు. ఆ ఫోటోను 2003లో ఇరాక్‌లో తీసినవారు ఇటలీకి చెందిన మార్కో డి లౌరో. తన ఫోటోను ఆయనే గుర్తుపట్టారు. బీబీసీ దానిని తొలగించింది. హౌలా ఊచకోత నిజం, ఆ ఫోటో మాత్రం దానిది కాదు. పంపినవారు వేరు, తీసినవారు వేరు. అందుచేత పాత పేజీ దొరికిన తరువాత ఫోటో కింద ఉన్న చిన్న అక్షరాలను చదవాలి. అక్కడ ఫోటోగ్రాఫర్ పేరో, వార్తాసంస్థ పేరో ఉంటే, ఆ సంస్థ సైట్‌లో అదే ఫోటోను, దాని అసలు వివరణను వెదకాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో తీసిన తేదీ, చోటు వంటి లోపలి వివరాలు చెరిగిపోతాయి. కాబట్టి ఈ వెనుదారి తప్ప వేరు లేదు.

మనపై జరిగిన అన్యాయానికి సాక్ష్యంగా వచ్చిన ఫోటోనైనా ఇలాగే వెదకాలి. వేరే దేశపు ఫోటో ఒక్కటి మన ఫిర్యాదులో చేరితే, ఎదుటివారు ఆ ఒక్కదానినే చూపి మిగిలిన నిజమంతటినీ కొట్టిపారేస్తారు. పాత పేజీ దొరికితే దాని చిరునామాతో సహా, ఆ ఫోటో వచ్చిన గ్రూపులోనే పెట్టండి. ఏమీ దొరకకపోతే, తెలియలేదని రాసి, అక్కడే ఆపండి.