పొర ఆపరేషన్ తర్వాత కంటి అంచున నిలబడే నీడ

మేము డాక్టర్లం కాము, సైటు సూపర్‌వైజర్లం. మా దగ్గర పనిచేసే ఒక అన్నకు జరిగిన సంగతి చెప్పమని అడిగారు. ఆయన పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి అన్న అనే అంటాం.

అన్న షట్టరింగ్ కార్పెంటర్, యాభై దాటింది. లీవు మీద జగిత్యాల దిక్కు ఇంటికి పోయి కుడి కంటికి పొర తీయించుకొని, లెన్స్ వేయించుకొని, ఐదు వారాలకు దుబాయ్ వచ్చాడు. చూపు బాగుంది, టేపు మీద అంకెలు అద్దాలు లేకుండానే చదువుతున్నాడు. కానీ స్కాఫోల్డింగ్ మీద నిలబడి మాటిమాటికీ కుడిపక్కకు ఉలిక్కిపడి చూస్తున్నాడు. పక్కకు తీసుకపోయి అడిగితే, "కుడి కొసకు నెలవంకలాగ నల్లటి నీడ నిలబడుతున్నది. ఎవరో వచ్చి నిలబడ్డట్టే ఉంటది. ఆపరేషన్ ఖరాబైంది తమ్మీ, చెప్తే ఇంటికి పంపిస్తరని చెప్పలే" అన్నాడు.

ఆ రోజే ఆయనను కింది పనికి మార్చి, కంటి డాక్టరు దగ్గరకు తీసుకపోయాం. డాక్టరు చుక్కల మందు వేసి, కనుపాప పెద్దగా చేసి, లోపల రెటీనా పొర అంతా చూశాడు. ఎక్కడా చిరుగు లేదు, లెన్స్ సరిగ్గా నడుమనే కూర్చుంది. విచిత్రం ఏమంటే, కనుపాప పెద్దగైనంతసేపు అన్నకు ఆ నీడ సన్నబడింది.

ఎందుకో మా భాషలో చెప్తాం. దేవుడిచ్చిన లెన్స్ అడ్డంగా తొమ్మిది మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, మందంగా ఉంటుంది. డాక్టర్లు వేసేది సాధారణంగా 6 మిల్లీమీటర్ల బిళ్ల, పలుచన. పెద్ద కిటికీ ఊడదీసి అదే గోడలో చిన్న ఫ్రేము పెట్టినట్టు. ఎదురుగా వచ్చే వెలుతురుకు ఇబ్బంది లేదు. బాగా పక్క నుంచి వచ్చే వెలుతురులో కొంత బిళ్లలోంచి వంగి ఒకచోట పడుతుంది, కొంత బిళ్ల అంచు పక్క సందులోంచి వంగకుండా దాటిపోయి ఇంకోచోట పడుతుంది. ఈ రెండిటి నడుమ ఒక పట్టీకి వెలుతురు అందదు. అదే ఆ నెలవంక. అందుకే ఆపరేషన్ ఏ తప్పూ లేకుండా జరిగినవాళ్లకు కూడా వస్తుంది. కొందరికి నీడ బదులు మెరిసే వంపు గీత కనిపిస్తుంది. అది బిళ్ల అంచుకు తగిలిన వెలుతురు తిరగబడి లోపల పడడం.

మొదటి రోజు వందలో పదిహేనుమంది దాకా ఈ నీడ ఉందని చెప్తారు. ఏడాది తర్వాత వందలో ముగ్గురికి అటూఇటూ మిగులుతుంది. తగ్గడానికి పెద్ద కారణం మెదడు. కొత్త హెల్మెట్ పెట్టుకున్న రోజు దాని అంచు కంటికి అడ్డంగా కనిపిస్తుంది, వారానికి అది ఉన్నట్టే తెలియదు. మన ముక్కు రోజూ కళ్లముందే ఉన్నా మనం చూడం కదా. ఎప్పుడూ ఒకేచోట, ఒకేలా ఉండేదాన్ని మెదడు పక్కన పెట్టేస్తుంది. ఇంకొక కారణం కూడా చెప్తారు. లెన్స్ కూర్చున్న సంచి పొర నెలలు గడిచేకొద్దీ బిళ్ల అంచు మీద తెల్లబడుతుంది. గరుకు అద్దంలా వెలుతురును చెదరగొడుతుంది, నీడ అంచు మెత్తబడుతుంది.

అందుకే డాక్టరు తొందరపడి ఏమీ చేయలేదు. కొన్ని నెలలు చూద్దామన్నాడు. కణత పక్క వెలుతురును ఆపే వెడల్పు కాడల సేఫ్టీ అద్దాలు పెట్టుకోమన్నాడు. నిజంగానే కణత దగ్గర అరచేయి అడ్డం పెడితే అన్నకు నీడ చాలావరకు పోయేది. నెలలు గడిచినా బాధిస్తే లెన్స్ కూర్చున్న తీరు మార్చడమో, వేరే లెన్స్ వేయడమో ఉంటుందట. సంచి వెనుక పొరను లేజర్‌తో తెరిచాక లెన్స్ మార్చడం కష్టమవుతుంది కాబట్టి, ఈ నీడ పోవాలని ఆ లేజర్‌కు పరుగెత్తొద్దు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అరచేయి అడ్డం పెట్టి తగ్గింది కదా అని డాక్టరును మానుకోవద్దు. అన్న నీడ మొదటి నుంచి ఒకేచోట, ఒకే సైజులో ఉంది. అట్లా కాక కొత్తగా మెరుపులు రావడం, నల్లచుక్కలు గుంపుగా రాలడం, పరదా దిగినట్టు నీడ రోజురోజుకు నడుమకు పెరగడం ఉంటే రెటీనా ఊడుతున్నదేమో అని ఆ రోజే చూపించుకోవాలి. శుక్రవారం అని ఆగొద్దు. కన్ను ఎర్రబడి నొప్పితో చూపు తగ్గినా అంతే.

అన్నను నీడ ఉన్నన్నాళ్లు ఎత్తు మీదకు పంపలేదు, జీతం కోయనివ్వలేదు. ఆ రెండోదానికే మాకు ఆఫీసులో ఎక్కువ మాటలు పడ్డాయి. ఐదో నెలలో ఒకనాడు తనే వచ్చి, "తమ్మీ, నిన్నటి సంది దాని యాదే రాలే" అన్నాడు. డాక్టరు మళ్లీ చూసి చీటీ రాసిచ్చాక పైకి ఎక్కించాం. మిట్టమధ్యాహ్నం ఎండ కుడి నుంచి కొడితే సన్నటి గీత ఇప్పటికీ కనిపిస్తుందట. ఎడమ కంటికి కూడా పొర మొదలైంది. వచ్చే లీవుకు చేయించుకుంటాడు, కుడి కంటి సంగతి డాక్టరుకు ముందే చెప్తానంటున్నాడు.