పెద్ద డాక్టరుకు రాసే ఉత్తరం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది నా దగ్గరికొచ్చి "డాక్టరుగారూ, పెద్ద డాక్టరుకి ఒక చీటీ రాసివ్వండి" అంటారు. ఆ చీటీ గురించే నాలుగు మాటలు చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది, దాచను.

టైలరు పనిచేసే ఒక చాచా, వయస్సు 62, మెట్లెక్కితే ఆయాసమని వచ్చారు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.1. నేను "రక్తహీనత, దయచేసి చూడగలరు" అని ఒక్క ముక్క రాసి పంపాను. అక్కడ ఐరన్ ఎక్కించి పంపేశారు. ఆయాసం తగ్గింది, అందరం సంతోషించాం. రెండు నెలలకు మళ్ళీ అదే ఆయాసం. తప్పు ఆ డాక్టరుది కాదు. నేను అడిగిందేమిటి గనుక ఆయన జవాబు చెప్పడానికి?

ఈసారి చాచాను కూర్చోబెట్టి అడిగాను. పాత కాగితాలు తెప్పిస్తే రెండేళ్ళ క్రితం హిమోగ్లోబిన్ 13.2. అంటే పుట్టుకతో వచ్చిన లోపం కాదు, ఈ మధ్యే రక్తం ఎక్కడికో పోతోంది. మోకాళ్ళకని ఏడాదిగా షాపులో నొప్పి బిళ్ళలు కొని మింగుతున్నారట! "అదీ మందేనా బాబూ, చెప్పాలా?" అన్నారు. మూడేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేశారు గనుక రోజూ ఆస్పిరిన్ కూడా ఉంది. నాలుగు కిలోలు తగ్గారు. మలంలో రక్తం కంటికి కనబడలేదు. పొట్టలో గడ్డ చేతికి తగల్లేదు, మొలలు లేవు. ఫెరిటిన్ 7, అంటే ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటింది.

ఇవన్నీ రాసి, చివర ప్రశ్న పెట్టాను: "రక్తం పోతున్నది నొప్పి బిళ్ళల వల్ల పడిన కడుపు పుండు నుంచా, పెద్దపేగు నుంచా? పైన పుండు కనబడినా కింద కూడా చూడవలసిందిగా కోరుతున్నాను." ఆస్పిరిన్ ఎందుకు వాడుతున్నారో, గుండె డాక్టరును అడగకుండా ఆపవద్దనీ రాశాను. ఐరన్ బిళ్ళలు వాడుతున్న సంగతీ రాశాను, ఎందుకంటే వాటివల్ల మలం నల్లబడి పేగులో గొట్టం వేసి చూసేటప్పుడు సరిగా కనబడదు. పరీక్షకు వారం ముందు ఆపాలి.

పైన చిన్న పుండు కనబడనే కనబడింది. ప్రశ్న లేకపోతే అక్కడితో ఆగిపోయేవారేమో. కింద కూడా చూస్తే, పెద్దపేగు కుడివైపున గడ్డ. ఆ చోట గడ్డ ఉంటే రక్తం మలంలో కలిసిపోయి బయటికి కనబడదు, ముందుగా బయటపడేది ఈ రక్తహీనతే.

ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది. ఆపరేషను చేశారు, ఇంకా పాకలేదన్నారు. చాచా ఇప్పుడు మళ్ళీ మిషను ముందు కూర్చుంటున్నారు. కానీ ఆ రెండు నెలలు మాత్రం నా ఒక్క ముక్క చీటీ తిన్నవే.

అందుచేత ఈసారి నేను చీటీ రాస్తూ ఆలస్యం చేస్తే విసుక్కోకండి. మింగే బిళ్ళలన్నీ, షాపులో కొన్నవైనా సరే, సంచిలో వేసుకు రండి. రాసిన తరువాత చదివి వినిపించమనండి.