మాట పని మీద నిలవాలి

   కొంపల్లిలో చదువు ముగించుకున్న మీలో చాలామంది మేడ్చల్ ఫ్యాక్టరీల్లోనో, షామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లోనో చేరతారు. కొన్నేళ్లకే మీ కింద ఒక కొత్త కుర్రాడో అమ్మాయో పనిలో చేరతారు. వాళ్లు తప్పు చేసిన రోజున మీ నోటి నుంచి ఏ మాట వస్తుందన్నదే నా బెంగ.

తప్పు చెప్పినందుకు మనిషి కుంగిపోడు. పని గురించి మొదలైన మాట మనిషి మీదికి మళ్లినప్పుడు కుంగిపోతాడు. అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డినీసి అనే పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అంతకుముందు జరిగిన అధ్యయనాలను గుదిగుచ్చి 1996లో పరిశీలించారు. సగటున ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు మెరుగుపడింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో అది ఇంకా దిగజారింది. విన్నవాడి ధ్యాస పని మీద నుంచి తన మీదికి మళ్లేకొద్దీ మేలు తగ్గుతుందని వారు వివరించారు. అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ ప్రచారంలోకి తెచ్చిన మూడు మెట్ల పద్ధతి ఆ ధ్యాసను పని మీదే నిలుపుతుంది. ముందు సందర్భం, తర్వాత ప్రవర్తన, ఆ పైన ప్రభావం.

మందుల ఫ్యాక్టరీలో ఇది ఎలా ఉంటుందో ఊహించండి. ముడిసరుకు తూచిన ప్రతిసారీ బరువు, సమయం అప్పటికప్పుడు బ్యాచ్ రికార్డులో రాయాలి, సంతకం పెట్టాలి. కొత్తగా చేరిన కుర్రాడు మూడు తూకాలూ చిత్తు కాగితం మీద రాసుకుని, షిఫ్టు చివర ఒకేసారి ఎక్కించాడు. "నీకు బొత్తిగా బాధ్యత లేదు" అంటే వాడికి ఏం దిద్దుకోవాలో తెలియదు, తనను తాను కాపాడుకోవడమే తెలుస్తుంది. దానికి బదులు ఇలా చెప్పండి: "నిన్న రెండో షిఫ్టులో, డిస్పెన్సింగ్ గదిలో, మూడు తూకాలూ చిత్తు కాగితం మీద రాసి చివర్లో రికార్డులోకి ఎక్కించావు. రికార్డులోని సమయాలు బ్యాలెన్స్ ప్రింటవుట్‌తో కలవలేదు. అందుకని క్వాలిటీ వాళ్లు బ్యాచ్‌ను ఆపి డీవియేషన్ రాశారు." తర్వాత ఒక్క ప్రశ్న అడిగి ఆగండి: "అలా ఎందుకు చేయాల్సి వచ్చింది?" రికార్డు పక్క గదిలో ఉందని జవాబు రావచ్చు. అప్పుడు సరిదిద్దాల్సింది కుర్రాణ్ణి కాదు, రికార్డు ఉంచే చోటును.

ఈ పద్ధతి ఎక్కువగా చెడేది రెండో మెట్టు దగ్గర. "అజాగ్రత్తగా రాశావు" అనేది ప్రవర్తన కాదు, మీ తీర్పు. పరీక్ష సులువే: గదిలో కెమెరా ఉంటే అందులో ఏం కనిపించేదో అంతే చెప్పండి. కెమెరాకు చిత్తు కాగితం కనిపిస్తుంది, అజాగ్రత్త కనిపించదు. "ఎప్పుడూ ఇంతే" అన్నారంటే మొదటి మెట్టు కూడా తప్పినట్టే. "కంపెనీ మూతపడుతుంది" అని ప్రభావాన్ని పెంచి చెప్పినా అంతే, వాడు మీ మాటను లెక్కచేయడం మానేస్తాడు.

"మేం తిట్లు తినే నేర్చుకున్నాం, ఈ సుతిమెత్తని మాటలెందుకు" అనే సీనియర్లు మీకు ఎదురవుతారు. తిట్లను తట్టుకుని నిలబడ్డవాళ్లే ఆ మాట అంటారు, వెళ్లిపోయినవాళ్లు చెప్పడానికి అక్కడ ఉండరు. పైగా ఇది మెత్తదనం కాదు. బ్యాచ్ ఆగిందన్న మాటను పూర్తిగా, ఎదురుగా చెబుతున్నాం. తిట్టుకు భయపడ్డ జూనియర్ తర్వాతి తప్పును దాచేస్తాడు. రికార్డుల మీద నడిచే పరిశ్రమలో దాచిన తప్పే అసలు ప్రమాదం. ఇంకొందరు ఇది చిలకపలుకుల్లా ఉంటుందంటారు. మెట్లు మీ ఆలోచనకు మాత్రమే, మాటలు మీ ఇంటి తెలుగులోనే ఉండనివ్వండి.

దీనికి హద్దులూ ఉన్నాయి. మీరు కళ్లారా చూడనిదీ, రికార్డులో లేనిదీ ఈ పద్ధతిలో చెప్పలేరు. ఎవరో చెవిలో వేసిన మాటతో జూనియర్‌ను కూర్చోబెట్టకండి. తెలిసి తెలిసి అంకెలు మార్చితే అది విచారణకు వెళ్లాల్సిన విషయం, ఫీడ్‌బ్యాక్‌తో సరిపెట్టేది కాదు. ఇప్పుడు కాస్త మందలిస్తాను, పిల్లలూ, ఏమీ అనుకోకండి: వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ తప్పు ఎత్తిచూపే అలవాటు మానండి. ఒకటి రెండు రోజుల్లోపు, విడిగా, కూర్చుని చెప్పండి. తర్వాతి బ్యాచ్‌లో వాడు అప్పటికప్పుడు రాస్తే, అదీ ఇదే పద్ధతిలో చెప్పండి: "ఈ రోజు మూడు తూకాలూ వెంటనే రాశావు, రికార్డు ఒక్క ప్రశ్న లేకుండా దాటింది." మెప్పును కూడా ఇంత వివరంగా విన్న జూనియర్, మీ విమర్శ పని గురించేనని నమ్ముతాడు.