ఫొటో కింద నాలుగు మాటలు



ఈమధ్య నరసరావుపేటలోనూ, మాచర్ల, గురజాల వైపూ కొత్తగా కట్టిన డాబాల మీద నల్లని సోలార్ ప్యానెళ్ళు కనిపిస్తున్నాయి. వాటి ఫొటోలు మన ఫోన్లలోకీ వస్తున్నాయి. ఫొటో కింద పెద్ద అక్షరాలతో "కరెంటు బిల్లు సున్నా", "78 వేలు ప్రభుత్వమే ఇస్తుంది" అని రాసి ఉంటుంది. ఇవాళ నేను మీతో ముచ్చటించబోయేది ఆ ప్యానెళ్ళ గొప్పతనం గురించి కాదు. ఫొటో కింద ఉండే ఆ రాత గురించి. ఎందుకంటే ఇంట్లో మగవాళ్ళు ఆ ఫొటో చూసి "పెట్టిద్దామా?" అని అడిగేది మనల్నే. నెలనెలా బ్యాంకు వాయిదా కోసం ఏ ఖర్చు తగ్గించాలో చూసుకునేదీ మనమే.

మా అక్కయ్యగారి అబ్బాయి నరసరావుపేటలో ఈ పనే చేస్తాడు. తాను బిగించిన మూడు కిలోవాట్ల ప్యానెళ్ళ ఫొటో ఒకటి తెచ్చి, "పిన్నీ, నువ్వు రేడియోలో మాట్లాడతావు గదా, దీని కిందకి నాలుగు మాటలు రాసిపెట్టు" అన్నాడు. తాను రాసుకున్నది కూడా చూపించాడు. "నెలకి రెండు వేలు ఆదా గ్యారంటీ. 78,000 రాయితీ గ్యారంటీ." అంతే.

"ఏరా, గ్యారంటీ అన్నావు, ఇచ్చేది నువ్వా?" అన్నాను.

"అందరూ అట్లాగే వేస్తున్నారు పిన్నీ" అన్నాడు.

వాడు మంచివాడే, పని కూడా శుభ్రంగా చేస్తాడు. అయినా ఆ రెండు వాక్యాల్లో ఒక్కటీ వాడి చేతిలో ఉన్నది కాదు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే విడదీశాం. ఆ విడదీసిందే మీకు చెబుతాను.

ముందు రాయితీ సంగతి. ఇది కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద వచ్చేది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000. మొత్తం 78,000. అక్కడితో ఆగిపోతుంది. అయిదు కిలోవాట్లు పెట్టించినా అదే 78,000. ఒక్క కిలోవాటు పెట్టించినవాళ్ళకు 30,000 మాత్రమే. అంచేత కేవలం "78 వేలు" అని రాస్తే, చిన్న డాబా ఉన్నావిడ కూడా తనకు అంతా వస్తుందనుకుంటుంది.

రెండో సంగతి, ఈ డబ్బు బట్టల కొట్లో తగ్గింపులాగా ముందుగా బిల్లులో తీసేసేది కాదు. pmsuryaghar.gov.in అనే చోట మన కరెంటు సర్వీసు నంబరుతో పేరు నమోదు చేసుకోవాలి. మన పల్నాడు జిల్లాకు కరెంటు ఇచ్చేది ఆంధ్రప్రదేశ్ మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. వాళ్ళ అనుమతి వచ్చాక, ఆ పథకంలో నమోదైన వ్యాపారి చేతే బిగింపించుకోవాలి. తరువాత నెట్ మీటరు పెడతారు. కరెంటాఫీసు వాళ్ళు వచ్చి చూసి, సక్రమంగా ఉందని ధ్రువీకరిస్తారు. అప్పుడు మన బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తే రాయితీ మన ఖాతాలోనే పడుతుంది. అంటే అప్పటిదాకా పూర్తి సొమ్ము మనదో, బ్యాంకుదో పెట్టాలన్నమాట. మీ రాయితీ మేమే తీసుకుంటాం, మీరు మిగతాది కట్టండి అని ఎవరైనా అంటే, ఆ లెక్క కాగితం మీద పెట్టించుకోకుండా ఒప్పుకోకండి.

మన ఇళ్ళలో ఎక్కువగా చిక్కు వచ్చేది ఇంకోచోట. కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో ఒకసారి తీసి చూడండి. చాలా ఇళ్ళలో మామగారు పోయి పదేళ్ళయినా బిల్లు ఆయన పేరునే వస్తుంటుంది. దరఖాస్తు ఒక పేరున, సర్వీసు ఇంకొక పేరున, బ్యాంకు ఖాతా మూడో పేరున ఉంటే రాయితీ అక్కడ చిక్కుబడుతుంది. ముందు కరెంటాఫీసులో పేరు మార్పించుకుని, ఆ తరువాతే డాబా కొలతలు తీయించుకోవాలి.

ఇంకొకటి, రాయితీ కావాలంటే ప్యానెళ్ళూ, వాటిలోని సెల్సూ మన దేశంలో తయారైనవే కావాలి. వ్యాపారులు వీటినే డి.సి.ఆర్. ప్యానెళ్ళంటారు. అవి కానివి చవగ్గా దొరుకుతాయి, చూపుకు రెండూ ఒకటే. అందుచేత బిల్లు మీద డి.సి.ఆర్. అని రాయించుకుని, ప్రతి ప్యానెలు మీద ఉండే నంబరును పైకి ఎక్కించకముందే రాసి పెట్టుకోవాలి. బిగించాక ఎవరు ఎక్కి చూస్తారమ్మా!

ఇక ఆదా. అసలు తిరకాసంతా ఇక్కడుంది. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన పద్ధతి ప్రకారం ఇంటి కరెంటు అంతటికీ ఒకే ధర ఉండదు. మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75. ఎక్కువ వాడేకొద్దీ పై మెట్టు యూనిట్లు ఖరీదవుతాయి. సోలార్ వచ్చినప్పుడు తగ్గేవి ముందుగా ఆ పై మెట్టువే.

రెండు ఇళ్ళు అనుకుందాం. ఒక ఇంట్లో ఏ.సి., ఫ్రిజ్, మోటారు అన్నీ ఉన్నాయి, నెలకు 300 యూనిట్లు కాలుతుంది. ఈ మెట్ల లెక్కన కరెంటు ఖరీదు సుమారు 1,673 రూపాయలు. రెండో ఇంట్లో నలుగురే, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, నెలకు 110 యూనిట్లు. ఆవిడకయ్యేది సుమారు 350 రూపాయలు. సుంకాలూ, సర్దుబాటు చార్జీలూ ఈ లెక్కలో కలపలేదు.

ఇద్దరూ మూడు కిలోవాట్లే పెట్టించారనుకోండి. లెక్క తేలిక కోసం ఖర్చు రెండు లక్షలు అనుకుందాం. 78,000 రాయితీ వచ్చాక చేతినుంచి పోయింది 1,22,000. కిలోవాటుకు నెలకు వంద యూనిట్లు, కాస్త అటూ ఇటూగా వస్తాయి. అంటే మూడు వందల యూనిట్లు. మొదటావిడకు నెలకు మిగిలేది ఎక్కువలో ఎక్కువ 1,673. పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి ఆరేళ్ళు పడుతుంది. రెండో ఆవిడ బిల్లే 350 అయితే, ఆవిడకు బిల్లులో అంతకన్నా మిగలడానికి అసలు ఏముంది? ఏడాదికి 4,200. ఆ లెక్కన ఇరవై తొమ్మిదేళ్ళు! ఆవిడ వాడగా మిగిలిన కరెంటు లైనుకు పోతుంది, దానికి ఎంతోకొంత ఇస్తారు, కాబట్టి కొన్నేళ్ళు తగ్గుతాయి. కానీ ఆ ధర నియంత్రణ మండలి నిర్ణయించేది. మనం పై మెట్టులో కొనే 8.75తో దాన్ని పోల్చుకోకూడదు. పైగా ఇదంతా అప్పు లేకుండా వేసిన లెక్క. బ్యాంకు వడ్డీ కలిస్తే ఏళ్ళు ఇంకా పెరుగుతాయి.

మావాడు ఈ లెక్క చూసి కాసేపు మాట్లాడలేదు. "అయితే రెండో ఆవిడకు అమ్మకూడదా పిన్నీ?" అన్నాడు. "అమ్ము నాయనా, ఒక కిలోవాటు అమ్ము. లేదా ఏ.సి. కొనే ఏడు రమ్మని చెప్పు" అన్నాను. బిల్లు చూడకుండా కిలోవాట్లు చెప్పేవాణ్ణి నేనైతే గుమ్మం ఎక్కనివ్వను. అది కూడా ఒక నెల బిల్లు చూస్తే చాలదు. మన పల్నాటి ఎండలకి మే నెల బిల్లు ఒకలా ఉంటుంది, డిసెంబరు బిల్లు ఇంకొకలా ఉంటుంది. పన్నెండు నెలల బిల్లులూ ముందు పెట్టుకోవాలి.

చివరికి ఆ ఫొటో కింద మేము రాసింది ఇది:

"నరసరావుపేటలో ఒక ఇంటి మీద మేము బిగించిన 3 కిలోవాట్ల సోలార్. ఎండను బట్టి నెలకు సుమారు 300 యూనిట్లు రావచ్చు. వానాకాలంలో తగ్గుతుంది. మీకు ఎంత ఆదా అన్నది మీ వాడకాన్ని బట్టి ఉంటుంది, 12 నెలల బిల్లులు చూపిస్తే లెక్క వేసి ఇస్తాం. అర్హత ఉన్నవారికి కేంద్ర రాయితీ 1 కిలోవాటుకు 30,000, 2కి 60,000, 3 ఆపైన 78,000. ఇది కరెంటు సంస్థ తనిఖీ తరువాత ప్రభుత్వం మీ ఖాతాలో వేసేది, మంజూరు మా చేతిలో లేదు. నిబంధనలు మారవచ్చు. బిల్లు పూర్తిగా సున్నా అవుతుందని మేము చెప్పము."

కింద తేదీ కూడా వేయించాను. ఈ పథకం 2026-27 వరకూ అని ప్రకటించారు. తేదీ లేని ఫొటో ఫోన్లలో ఏళ్ళ తరబడి తిరుగుతుంది. అప్పటికి రాయితీ మారినా, ఆ రాత మాత్రం మారదు.

ఆఖరి వాక్యం పెట్టడానికి మావాడు గింజుకున్నాడు. కానీ ఎంత సోలార్ ఉన్నా కరెంటు సంస్థకు కట్టే స్థిర చార్జీల్లాంటివి బిల్లులో ఉండనే ఉంటాయి. పైగా రాత్రి పూట వాడేది లైను కరెంటే. పగలు మనం లైనుకు పంపింది రాత్రి వాడకానికి చెల్లు వేస్తారు తప్ప, ప్యానెళ్ళలో ఏమీ దాచి ఉండదు.

ఫొటో కింద పట్టనివి రెండు ఉన్నాయి. అవి కొనే ముందు నోటితో అడగండి.

మొదటిది, కరెంటు పోయినప్పుడు ఏమవుతుంది అని. చాలామంది సోలార్ ఉంటే కోత లేదనుకుంటారు. బ్యాటరీ లేని మామూలు ఏర్పాటులో, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా, లైను కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. కావాలనే అలా చేస్తారు. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగలకుండా. కోత లేకుండా కావాలంటే బ్యాటరీ పెట్టాలి. దాని ఖర్చు వేరు, పైన చెప్పిన ఏళ్ళ లెక్క కూడా మారిపోతుంది.

రెండోది దుమ్ము. మన పిడుగురాళ్ళ సున్నపు బట్టీల చుట్టుపక్కలా, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరా ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి ఏమవుతుందో. ప్యానెలు అద్దం మీదా అదే పేరుకుంటుంది, కరెంటు తగ్గుతుంది. వారం పది రోజులకొకసారి తెల్లవారుజామున గానీ, పొద్దుగూకాక గానీ మెత్తని గుడ్డతో కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదముంది. మన బోరు నీళ్ళకు కొలాయి మీద తెల్ల మరకలు పడతాయి గదా, ప్యానెలు మీద ఆరిపోనిస్తే అవే మరకలు. కడిగిన వెంటనే తుడిచేయాలి. నీళ్ళ ట్యాంకు నీడ ఏ వేళకు ఎటు పడుతుందో బిగించకముందే చూపించుకోండి. ఒక్క ప్యానెలు మీద నీడ పడినా చాలాచోట్ల మొత్తం వరుస ఇచ్చే కరెంటు పడిపోతుంది.

కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. వడియాలకీ, మిరపకాయలకీ డాబా చాలదేమో అనుకునేవాళ్ళు ప్యానెళ్ళను నిలువెత్తు చట్రం మీద పెట్టించుకోవచ్చు. ఆ ఇనుముకీ, గాలివానకు తట్టుకునేలా బిగించడానికీ అదనంగా ఎంత అవుతుందో మొదటి రోజే ధర కాగితంలో రాయించుకోండి.

సెలవు.