క్రొత్త యంగడికి నొక పద్యము



గ్రామమునఁ గ్రొత్తగా గిరాణా దుకాణము పెట్టువారు, ముహూర్తమునాఁడు చదువుట కొక పద్యము వ్రాసి యిమ్మని చదువుకొన్న పెద్దలను గోరుట కలదు. అట్టి పద్యము నెట్లు కూర్పవలయునో యొక యుదాహరణముతో మనవి చేసెదను.

మొదట ఛందస్సు. మామిడి తోరణము క్రింద నిలిచి పదిమంది వినునట్టి పద్యమది. దీర్ఘసమాసము లచ్చటఁ జెల్లవు. ఆటవెలది చాలును. బేసి పాదములందు మూఁడు సూర్యగణములు, రెం డింద్రగణములు. సరి పాదములం దైదును సూర్యగణములే. నాలవ గణము మొదటి యక్షరము యతిస్థానము. ప్రాసనియమము లేదు.

శ్రీలు గురియుఁ గాత చిరముగా నాయనా
త్రాసు ముల్లు నడుమఁ దప్పకుండ
బోణితోడ వచ్చు పొరుగింటి వారికి
స్వాగతంబు పలుకు సాదరముగ

మొదటి పాదమున "శ్రీలు", "గురియు", "గాత" యనునవి సూర్యగణములు. "చిరముగా", "నాయనా" యనునవి యింద్రగణములు. శ్రీకారమునకుఁ జికారముతో యతి చెల్లినది. శుభకార్యము గనుక శ్రీకారముతో నారంభించుట మన పెద్దల యాచారము.

ఇఁక మాటల యెంపిక. ధాన్యము కొలుచువారు మొదటి కొలతను "ఒకటి" యనక "లాభము" అందురు. బియ్యము అయిపోయినపుడు గృహిణులు "లేవు" అనక "నిండుకొన్నవి" అందురు. కావున "నష్టము రాకుండుఁ గాత" యని వ్రాయరాదు. భావము మంచిదే యైనను, చెవికి ముందు సోఁకునది "నష్టము" అను మాటయే.

రెండవ పాదము ముఖ్యమైనది. ఈ పద్యమును యజమానుఁ డొక్కఁడే వినఁడు, కొనువారును విందురు. సిరులు మాత్రమే కోరినచో, ఆ సిరి తమ మూటలనుండియే కదా పోవునని వారికిఁ దోఁచును. త్రాసు ముల్లు నడుమ నిలిచియుండఁగా వచ్చు సిరిని గోరితిమేని దీవెన యిరుపక్షములకును జెందును.

మూఁడవ పాదమున "బోణి సేయ వచ్చు" అని వ్రాసినను గణములు సరిపోవును, యతియుఁ జెల్లును. కాని చదివినపుడు "చేయవచ్చును" అని యనుమతి యిచ్చినట్లు వినఁబడును. అందుచేత "బోణితోడ" అనుటయే మేలు. గణములు కుదిరినంతనే పద్యము కుదిరినట్లు కాదు.

నాలవ పాదము యజమానునితోఁ జెప్పు మాట. కావునఁ జదువునపుడు అతఁడు త్రాసు వెనుకఁ గూర్చుండక గడపకడ నిలిచి, మొదటి బేరమువారిని దానే లోనికిఁ బిలువవలయును.

ముహూర్తమునకు ముందునాఁడు, చదువురాని యొకరికిఁ బద్యమును వినిపింపుఁడు. ఏ మాటకైన నర్థ మడిగిరేని, ఆ మాటను మార్పుఁడు.